గంట మోగింది, ఎవరూ లేవలేదు

విజయవాడ బందరు రోడ్డులోని ఒక వాణిజ్య భవనంలో ఈ వారం అగ్నిప్రమాద హెచ్చరిక గంట మోగింది. నాలుగో అంతస్తులోని శిక్షణ కేంద్రంలో దాదాపు అరవై మంది విద్యార్థులు తలలెత్తారు, పక్కవారి ముఖాలు చూశారు, మళ్లీ పుస్తకాల్లోకి తలలు దించుకున్నారు. అధ్యాపకుడు తలుపు దాకా వెళ్లి, వరండాలో ఎవరూ పరుగెత్తడం లేదని చూసి, వెనక్కి వచ్చి పాఠం అందుకున్నారు. కింద కాపలాదారు ప్యానెల్ దగ్గర మీట నొక్కగానే మోత ఆగింది. ఏ అంతస్తులో పొగ పుట్టిందో ఆయన చూడనే లేదు. రెండో అంతస్తు క్యాంటీన్‌లో నూనె మాడింది, అంతే. ఎవరికీ ఏమీ కాలేదు కనుక దీనిని ఎవరూ పట్టించుకోలేదు. మమ్మల్ని కలవరపెడుతున్నది సరిగ్గా అదే. ఆ పూట ఆ గదిలో అరవై మంది ఒక పాఠం నేర్చుకున్నారు: గంట మోగితే కదలనక్కర్లేదు.

కొవిడ్ కేంద్రంగా మార్చిన హోటల్‌లో 2020 ఆగస్టు 9 తెల్లవారుజామున మంటలు చెలరేగి పది మంది చనిపోయిన నగరం ఇది. ఆ కథ పాఠకులకు మళ్లీ చెప్పనక్కర్లేదు.

నాలుగో అంతస్తు నుంచి ఆరోగ్యవంతుడు మెట్లు దిగడానికి అంతస్తుకు ఇరవై సెకన్ల చొప్పున లెక్క వేసినా ఒకటిన్నర నిమిషం చాలు. అరవై మంది ఒకే తలుపు గుండా బయటపడడానికి మరో నిమిషం పట్టవచ్చు. అంటే లేచి నడవడం మొదలుపెడితే మూడు నిమిషాల్లోపే అందరూ కిందికి చేరతారు. ప్రాణం తీసేది నడకకు పట్టే సమయం కాదు, నడక మొదలుపెట్టడానికి ముందు కూర్చున్న సమయం. అలా కూర్చున్న నాలుగైదు నిమిషాల్లోనే, ఎవరో ఇటుక పెట్టి తెరిచి ఉంచిన మెట్ల తలుపుల గుండా పొగ పైకి ఎగబాకుతుంది. మెట్ల దారి పొగగొట్టంగా మారాక ఎంత వేగంగా దిగగలిగినా ప్రయోజనం లేదు.

జనం ఎందుకు లేవరు? నిర్లక్ష్యమనడం తేలిక, కానీ అది నిజం కాదు. గంట ఏమీ చెప్పదు. మంటా, పరీక్షా, యంత్రం చెడిందా అన్నది తెలియక మనిషి పక్కవాడిని చూస్తాడు, ఆ పక్కవాడు ఇతడిని చూస్తుంటాడు. 1968లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు లతానే, డార్లీ ప్రశ్నల కాగితాలు నింపుతున్నవారి గదిలోకి పొగ వదిలి చూశారు. ఒంటరిగా ఉన్నవారిలో నూటికి 75 మంది బయటకు వచ్చి చెప్పారు. ఏమీ పట్టనట్టు కూర్చొమ్మని ముందే చెప్పి పెట్టిన ఇద్దరిని పక్కన ఉంచినప్పుడు, చెప్పినవారు నూటికి పది మందే. మిగిలినవారు కళ్లు నులుముకుంటూ, దగ్గుతూ కాగితాలు నింపుతూనే ఉన్నారు. బందరు రోడ్డు తరగతి గదిలో జరిగింది ఇదే. దీనికి తోడు చేతిలోని పని వదలనివ్వదు. బిల్లు కట్టకుండా ఎలా వెళ్తాం, మాస్టారు చెప్పకుండా ఎలా లేస్తాం, గుమ్మం దగ్గర వదిలిన చెప్పులు ఎలా వదిలేస్తాం. లేచినవారు కూడా సంచి సర్దుకొని, స్నేహితుడి కోసం వెతికి, వచ్చిన దారినే, అంటే లిఫ్టు వైపే నడుస్తారు. దగ్గర్లోని అత్యవసర ద్వారం గుర్తుకు రాదు, ఎందుకంటే ఒక్కసారీ దాని గుండా నడవలేదు.

గట్టిగా చెబితే జనం బెదిరి తొక్కిసలాట జరుగుతుందని భవన యజమానులు అంటారు. ఇరుకు దారులున్నచోట ఆ భయం ఉండవచ్చు. అయితే అగ్నిప్రమాదాల్లో బతికి బయటపడినవారిని అడిగి తెలుసుకున్న పరిశోధకులకు పదే పదే కనిపించింది వెర్రి పరుగు కాదు, ఆలస్యం. 1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ సినిమాహాల్లో మైకులో హెచ్చరిక చెప్పినవారే లేరు, 59 మంది బాల్కనీ నుంచి బయటపడలేక చనిపోయారు. చెప్పకపోవడం వల్ల ఎవరు రక్షణ పొందారో ఆ యజమానులే చెప్పాలి.

శిక్షణ ఎక్కడ పని చేస్తుందో తెలిసే ఉంది. బ్రిటన్‌లోని న్యూకాజిల్ నగరపు మాన్యుమెంట్ మెట్రో స్టేషన్‌లో 1990ల మొదట్లో ప్రూ, సైమ్ అనే పరిశోధకులు ప్రయాణికులకు ముందు చెప్పకుండా పరీక్ష పెట్టారు. గంట మాత్రమే మోగినప్పుడు కొందరు కదలడానికి ఎనిమిది నిమిషాలకు పైగా పట్టింది, కొందరు అసలు కదల్లేదు. ఏం జరిగింది, ఎక్కడ జరిగింది, ఎటు వెళ్లాలి అని మైకులో స్పష్టంగా చెప్పినప్పుడు నిమిషం, నిమిషంన్నరలో నడక మొదలైంది. అదే దేశంలో పెద్ద దుకాణాలను చెప్పాపెట్టకుండా ఖాళీ చేయించి చూసినప్పుడు, కొనుగోలుదారులు సగటున దాదాపు అర నిమిషంలోనే కదిలారు. కొనేవారికి ఎవరూ శిక్షణ ఇవ్వలేదు. అమ్మేవారికి ఇచ్చారు. బట్టలు చూపిస్తున్న మనిషే చీర మడత పక్కన పెట్టి, "అమ్మా, మంటలు వచ్చాయి, ఈ వెనక మెట్ల వైపు నాతో రండి" అంటే ఎవరైనా బిల్లు గురించి ఆగుతారా?

బెజవాడలో గానీ గుంటూరులో గానీ శిక్షణ పేరిట జరుగుతున్నది దీనికి పొంతన లేనిది. అగ్నిమాపక వారోత్సవాల్లో ఒక రోజు ముందే సర్క్యులర్ పంపుతారు. పార్కింగ్ స్థలంలో డబ్బాలో కిరోసిన్ మంట పెట్టి ఆర్పి చూపిస్తారు, ఫొటో తీస్తారు, ధ్రువపత్రం దస్త్రంలో చేరుతుంది. గంట మోగిన క్షణం నుంచి చివరి మనిషి కుర్చీ వదిలే దాకా ఎన్ని సెకన్లు పట్టిందో ఎవరూ రాసిపెట్టరు. ఆ సంఖ్య లేకపోతే అది శిక్షణే కాదు. మంట ఆర్పడం నేర్పినంత మాత్రాన అంతస్తు ఖాళీ చేయించడం రాదు.

జాతీయ భవన నిర్మాణ నియమావళి 2016 ఎత్తయిన భవనాల్లో మొదటి రెండేళ్లలో మూడు నెలలకోసారి, ఆ తరువాత ఆరు నెలలకోసారి కసరత్తు జరపాలంటోంది. జరిపేటప్పుడు రోజు చెప్పకూడదు, ఒక మెట్ల దారిని మూసి చూడాలి, రాత్రి షిఫ్టునూ వదలకూడదు. ప్రతి అంతస్తుకూ ఒకరికి బాధ్యత అప్పగించి, చెప్పాల్సిన రెండు వాక్యాలు నోటికి వచ్చేలా చేయాలి. ఆ మనిషి ఉద్యోగం మారితే కొత్తవారితో మళ్లీ మొదలుపెట్టాలి, ఎందుకంటే ఈ అలవాటు నిలవ ఉండదు. ఆసుపత్రుల సంగతి వేరు. అక్కడ రోగులు లేచి నడవలేరు, వారిని పక్క విభాగానికి చేర్చే కసరత్తు కావాలి.

వీటన్నిటికంటే ముందు వంటగదిలో పొగను పసిగట్టే పరికరం తీసి, వేడిని పసిగట్టేది పెట్టాలి. దుమ్ము, సాంబ్రాణి పొగ, మాడిన నూనెకు వారానికి రెండుసార్లు మోగే గంట ఎంత మంచి శిక్షణనైనా తుడిచేస్తుంది. మోతను ఆపేసి కారణం వెతకని ప్రతిసారీ ఆ భవనంలోని వారందరికీ కూర్చోవడం నేర్పుతున్నట్టే. మీట నొక్కిన కాపలాదారుపై మాకు కోపం లేదు. ఆయనకు ఇంకేమీ నేర్పని యజమానిపైనే మా కోపం. పిల్లలకు మార్కులు ఎలా తెచ్చుకోవాలో నేర్పడానికి లక్షలు వసూలు చేస్తూ, గంట మోగితే లేవమని రెండు వాక్యాలు చెప్పలేని సంస్థలపైనా అంతే. గంట మోగిన ఆ రోజు ఎన్ని సెకన్లకు ఎవరు లేచారో జిల్లా అగ్నిమాపక అధికారులు ఆ భవనాన్ని అడిగి, జవాబును ద్వారం దగ్గర అందరికీ కనిపించేలా అంటించాలి. ఆ సంఖ్య చెప్పలేకపోతే, ఇటీవల ఇచ్చిన ధ్రువపత్రాన్ని వెనక్కి తీసుకోవాలి.