‘పక్కన తెలుగులో అని రాస్తే చాలు’ అన్నవారికి

“పేరు చెక్కిన బహుమతులు ఆన్‌లైన్‌లో కొనేవారికి సూచన: పేరు ఇంగ్లీషులో కొట్టి పక్కన ‘తెలుగులో’ అని రాస్తే చాలు, మిగతాది వాళ్లే చూసుకుంటారు. తేదీ ఎలా రాసినా ఫరవాలేదు. తప్పు వస్తే డబ్బు మొత్తం వెనక్కి ఇచ్చి తీరాలి. పెన్ను మీద మాత్రం తెలుగు పెట్టించకండి. అందరికీ పంపండి.”

విజయవాడ గవర్నరుపేటలో లేజర్ మిషన్ పెట్టుకుని పేర్లు చెక్కే నాకే ఈ వారంలో నలుగురు బంధువులు దీన్ని పంపించారు కనుక, ఇక జవాబు రాయక తప్పడం లేదు.

తేదీ సంగతి ఒక్క వాక్యంలో తేలిపోతుంది: 03/04 అంటే మార్చి నాలుగో ఏప్రిల్ మూడో మాకు తెలియదు, నెల పేరు అక్షరాల్లో రాయండి.

అసలు ప్రమాదం మొదటి సలహాలో ఉంది. గుంటూరు బ్రాడీపేట నుంచి ఒకావిడ, తల్లి అరవయ్యో పుట్టినరోజుకు స్టీలు క్యారేజీ ఆర్డర్ పెడుతూ, పేరు గడిలో “Kalyani telugulo” అని కొట్టారు. మా కుర్రాడు ‘కళ్యాణి’ అని చెక్కాడు. ఆ పెద్దావిడ మాత్రం జీవితమంతా ‘కల్యాణి’ అనే సంతకం పెట్టారట. రెండు రూపాలూ వాడుకలో ఉన్నవే, ఇంగ్లీషులో రెండూ ఒకటే. గిన్నెల కొట్లో పేర్లు కొట్టే పెద్దాయనైతే సుత్తి ఎత్తకముందే “లనా, ళనా అమ్మా?” అని అడిగేవాడు, గడి అడగదు. కొన్నిచోట్ల గడిలోని మాట మనిషి కంట పడకుండానే డిజైన్‌లోకి వెళ్లిపోతుంది, అప్పుడు క్యారేజీ మీద ‘telugulo’ కూడా నిగనిగలాడుతుంది. అమ్మగారి ఇంటిపేరు కాబోలనుకుంటారు చూసినవాళ్లు.

అందువల్ల ఆ గడిలో చెక్కవలసిన అక్షరాలను మాత్రమే, తెలుగు కీబోర్డుతో కొట్టండి. ‘దయచేసి’ అనీ, కొటేషన్ గుర్తులనీ, పువ్వుల బొమ్మలనీ అందులో పెట్టకండి. చెప్పవలసింది ఉంటే సూచనల గడిలో విడిగా రాయండి. అక్షరాల పరిమితి దగ్గర ఇంకో మెలిక ఉంది. ‘శ్రీలక్ష్మి’ మన కంటికి మూడక్షరాలే అయినా, హల్లునూ పొల్లునూ గుణింతపు గుర్తునూ విడివిడిగా లెక్కపెట్టే చెకౌట్ పేజీకి ‘శ్రీ’ నాలుగు, ‘ల’ ఒకటి, ‘క్ష్మి’ ఆరు, వెరసి పదకొండు. పరిమితి పది అయితే చివరి గుడి ఎగిరిపోయి ‘శ్రీలక్ష్మ’ మిగులుతుంది. డబ్బు కట్టేముందు నమూనా చిత్రంలో పేరు చివరిదాకా ఉందో లేదో చూసి, స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి.

ఆ స్క్రీన్‌షాటే వాపసుకు ఆధారం. మీరు కొట్టింది ఒకటై వాళ్లు చెక్కింది ఇంకొకటైతే, ఒప్పుకున్నట్టు లేని వస్తువును వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనడానికి 2020 నాటి వినియోగదారుల పరిరక్షణ (ఈ-కామర్స్) నిబంధనలు ఒప్పుకోవు. మీరు కొట్టిందే తప్పయితే ఆ నిబంధన మీకు అక్కరకు రాదు. మీ అమ్మగారి పేరున్న క్యారేజీని మేము ఇంకెవరికి అమ్ముకోగలం? కల్యాణిగారికి మాత్రం కొత్త మూత చేసి పంపాం. ఫోన్ చేసి అడగకుండా చెక్కడం మా తప్పే.

పెన్ను విషయంలో ఆ అజ్ఞాత మేధావి చెప్పింది నిజం, ఒప్పుకుంటున్నాను. అంత సన్నటి చోట వత్తులు కింద ఇరుక్కుని ‘క్ష్మి’ మరకలా కనిపిస్తుంది. వత్తుల్లేని ‘రమ’ వంటి పేరైతే తెలుగులోనే పెట్టించుకోవచ్చు.