దేవుడికి ఆకలి లేదన్న పూజారి

శివరాత్రి జాగరణలో పిల్లలకు ఏదైనా కథ చెప్పమంటే నేను ఈ కల్పిత కథే చెబుతాను. గోదావరి ఒడ్డున చిన్న శివాలయం. నాలుగు యామాల అభిషేకాలూ ముసలి పూజారి ఒక్కరే చేయాలి. రాత్రికి తలదాచుకుందామని వచ్చిన బాటసారి ఒకడు మండపంలో కూర్చున్నాడు. యామానికీ యామానికీ మధ్య దొరికే ఖాళీలో వాళ్లిద్దరి మాటలు సాగుతాయి.

మొదటి యామంలో పాలతో అభిషేకం ముగిసింది. "స్వామీ, ఈ స్నానం, ఈ నైవేద్యం శివుడికి నిజంగా కావాలా?" అని అడిగాడు బాటసారి.

"అక్కర్లేదు నాయనా" అన్నారు పూజారి. "ఆ మాట నాస్తికుల కంటే ముందు మీమాంసకులే అన్నారు."

కర్మకాండను ప్రాణంగా పట్టుకున్నవాళ్లు మీమాంసకులు. జైమిని సూత్రాల తొమ్మిదో అధ్యాయానికి భాష్యం రాస్తూ శబరుడు సరిగ్గా ఈ ప్రశ్ననే విచారించాడు. తేనెటీగ పువ్వులోని సారాన్ని తీసుకున్నట్టు దేవత అన్నంలోని సారాన్ని తీసుకుంటుందనీ, నివేదించిన అన్నం రుచి తగ్గేది అందుకేననీ పూర్వపక్షం, అంటే ఎదుటివాళ్ల వాదన. గాలి తగిలి చల్లారింది కాబట్టి రుచి తగ్గిందని శబరుడి జవాబు. దేవతకు శరీరం లేదు, తినదు. కర్మే ప్రధానం, దేవత దానికి అంగం మాత్రమే అని ఆయన తేల్చాడు. పూజలన్నీ పూజారుల మూఢనమ్మకమని కొట్టిపారేసే మన యువకులు ఈ వాదం ఒక్కసారి చదవాలని నా కోరిక.

రెండో యామం, పెరుగుతో అభిషేకం. బాటసారి మళ్లీ పట్టుకున్నాడు: "ఆయనకు అక్కర్లేకపోతే, ఒక పూట పూజ తప్పినప్పుడు ప్రాయశ్చిత్తం ఎందుకు?"

"నేను మీమాంసకుణ్ణి కాను, ఆగమం చదివినవాణ్ణి. ఆవాహన చేస్తే స్వామి ఈ లింగంలో ఉంటాడని నా నమ్మకం. అయినా ప్రాయశ్చిత్తం ఆయన కోపం తీర్చడానికి కాదు. ఈ రోజు తప్పిన దీపాన్ని పట్టించుకోకపోతే, రేపు తప్పించడం ఇంకా తేలిక. ఎల్లుండికి గుడికి తాళం పడుతుంది. పొరపాటు జరిగిందని పైకి చెప్పించడానికే ఆ ప్రాయశ్చిత్తం."

తిరుమలలో ఏటా శ్రావణంలో జరిగే పవిత్రోత్సవం కూడా ఏడాది పొడవునా కైంకర్యాల్లో తెలిసీ తెలియక దొర్లిన లోపాలకు ప్రాయశ్చిత్తమే. మనం ఇళ్లలో పూజ చివర చెప్పుకునే "మంత్రహీనం క్రియాహీనం భక్తిహీనం" అన్న శ్లోకంలోనూ ఉన్నది అదే ఒప్పుకోలు. లోపం జరుగుతుందని ముందే తెలిసి, దానికి చోటు పెట్టి కట్టిన పద్ధతి ఇది.

మూడో యామంలో నేతితో అభిషేకం అయ్యాక బాటసారి తన దగ్గరున్న గట్టి ఉదాహరణ తీశాడు. "శ్రీకాళహస్తిలో తిన్నడు పుక్కిట నీళ్లు తెచ్చి పోశాడు, మాంసం పెట్టాడు. ఏ ఆగమం చదివాడు? శివుడు అతణ్ణి కన్నప్పను చేసుకున్నాడు కదా?"

"అతను ఏం చేశాడో సరిగ్గా చూడు. రోజూ వచ్చాడు. మాంసం తాను రుచి చూసి మంచి ముక్కలే ఏరి పెట్టాడు. చేతులు ఖాళీ లేకపోతే పూలు తలలో తురుముకుని తెచ్చాడు. అభిషేకం, పుష్పం, నైవేద్యం అన్నీ ఉన్నాయి. అతనికి లేనిది నా పద్ధతి, అంతే."

ఈ జవాబు కోసమే నేను ఈ కథ చెబుతాను. భక్తి ఉంటే తంతు ఎందుకని కన్నప్పను సాక్ష్యంగా తెచ్చేవాళ్లు అతను రోజూ అడవిలోంచి మోసుకొచ్చిన బరువును మరచిపోతారు.

పరాయి దేశంలో మన గుళ్లు చాలా మార్చుకున్నాయి. అమెరికాలో ఎన్నో చోట్ల సంకల్పంలో జంబూద్వీపానికి బదులు క్రౌంచద్వీపం వినిపిస్తుంది. పండుగలు శని, ఆదివారాలకు జరిగాయి. వీటితో నాకు పేచీ లేదు. ఉన్న చోటును ఉన్నట్టు చెప్పడమే సంకల్పం. నా పేచీ వేరు. సమయం చాలనప్పుడు మనం మొదట కత్తిరించేది భక్తుల చేతి పని. నీళ్లు మోయడం, మారేడు దళాలు ఏరడం, గంధం తీయడం పోయి, మైకులో మంత్రం, కుర్చీలో మనం మిగులుతున్నాం. దేవుడికి ఏ లోటూ లేదు. నష్టపోయేది పిల్లలు: వాళ్లకు పూజ అంటే చూసేదిగానే తెలుస్తుంది.

నాలుగో యామం తేనెతో. బాటసారి ఇక ప్రశ్న వేయలేదని కథ ముగించమంటారు కొందరు. నేను ఒప్పుకోను. "అయితే నేనే చేస్తే మీరు అక్కర్లేదుగా?" అని అడిగిస్తాను. పూజారి "బిందె అక్కడుంది, నది దగ్గరే" అంటారు.

వచ్చే శివరాత్రికి మన గుడి కార్యవర్గాన్ని నేను అడిగేది ఇది: నాలుగు యామాలు కుదరకపోతే ఒక్కటే పెట్టండి. కానీ ఆ ఒక్కదానికి నీళ్లు కొళాయి నుంచి గర్భగుడి గడప దాకా పిల్లలే వరుసలో నిలబడి చేతులు మార్చుకుంటూ అందించాలి, ఎంత ఆలస్యమైనా సరే.