‘శ్రీ’ కాదండీ, శ్రీనిధి

ఆగస్టు వచ్చిందంటే అమెరికాలో మా ఆదివారం తెలుగు బడి తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు ఈ ప్రశ్న అడుగుతారు. క్లాస్ టీచర్ మా పాపని సగం పేరుతో పిలుస్తోంది, పూర్తి పేరుతో పిలవమని ఉత్తరం రాస్తే ఏమైనా అనుకుంటుందేమో? ఇక చూడండి సలహాలు. పోనిద్దురూ, వాళ్ల నోరు తిరగొద్దూ అని ఒకరు, ఊరుకోకండి, ప్రిన్సిపాల్‌కి కూడా కాపీ పెట్టండి అని ఇంకొకరు. నేను మొదటివాళ్లతో ఏకీభవించను, రెండోవాళ్లతో అసలే ఏకీభవించను. ఉత్తరం రాయాల్సిందే. కాకపోతే రాసే ముందు స్కూల్ రికార్డులో పిల్ల పేరు ఎలా ఉందో చూసుకోవాలి, ఎందుకంటే నేను చూసినంతలో ఆ సగం పేరు చాలాసార్లు టీచర్ పెట్టింది కాదు, మనమే ఫారంలో రాసిచ్చింది.

ఈమధ్య ఒకావిడ తాను రాసిన ఉత్తరం పంపి, ఒకసారి చూసిపెట్టండి అంది. పాప రెండో తరగతి. పేరు శ్రీనిధి అనుకుందాం. టీచర్ ‘శ్రీ’ అని పిలుస్తుంది, అదీ ఆవిడ నోట్లో ‘సిరి’ అవుతుంది. 2011లో ఐఫోన్‌లో సిరి వచ్చాక పుట్టిన పిల్లలు వీళ్లు, వాళ్లకి సిరి అంటే ఏది అడిగినా జవాబు చెప్పాల్సిన గొంతు. రీసెస్‌లో చుట్టూ చేరి “హే సిరి, ఇవాళ వాన పడుతుందా?” అని మొదలుపెట్టారు. మొదట్లో పాప కూడా నవ్వి ఏదో ఒకటి చెప్పేదట, తర్వాత రీసెస్‌కి వెళ్లకుండా లైబ్రరీలో కూర్చుంటానని టీచర్‌ని అడగడం మొదలుపెట్టింది. తల్లికి విషయం తెలిసింది అప్పుడే.

ఆవిడ ఉత్తరం రెండు పేజీలుంది. లక్ష్మీదేవి, నిధి, నాయనమ్మ మొక్కు, బారసాల, మన సంస్కృతిలో పేరుకున్న స్థానం, అన్నీ ఉన్నాయి. పాపని పూర్తి పేరుతో పిలవండి అన్న మాట మాత్రం రెండో పేజీ అడుగున ఉంది. పాతిక మంది పిల్లల్ని చూసుకుంటూ మధ్యాహ్నం భోజనం టైములో ఈమెయిల్ తెరిచే మనిషి అంతదాకా చదువుతుందా? చదివినా, ఇది విన్నపమో ఫిర్యాదో ఆవిడకి తేలదు.

అసలు ‘శ్రీ’ ఎక్కడి నుంచి వచ్చింది అని అడిగితే, పాప పుట్టినప్పుడు హాస్పిటల్‌లో ఇచ్చిన ఫారం దగ్గర తేలింది. ఇక్కడ బర్త్ సర్టిఫికెట్‌కి ఫస్ట్ నేమ్, మిడిల్ నేమ్, లాస్ట్ నేమ్ అని విడివిడిగా గళ్లుంటాయి. ఇంగ్లీషు అక్షరాల లెక్క కుదరాలని న్యూమరాలజీ ఆయన శ్రీకీ నిధికీ మధ్య ఖాళీ పెట్టమన్నాడు. వాళ్లాయన ఫస్ట్ నేమ్ గడిలో `Sri`, మిడిల్ నేమ్ గడిలో `Nidhi` అని రాశాడు. కిండర్‌గార్టెన్‌లో చేర్చేటప్పుడు స్కూల్ ఆఫీసు ఆ సర్టిఫికెట్ చూసే కంప్యూటర్‌లో ఎక్కించింది. టీచర్ రోజూ హాజరు వేసే తెరలో చాలాచోట్ల ఇంటిపేరు, ఫస్ట్ నేమ్ అంతే కనబడతాయి. అంటే ఆ టీచర్ ముద్దుపేరేమీ పెట్టలేదు, కనబడింది చదివింది. ‘వెంకట’ ముందుండే మగపిల్లల సంగతీ ఇంతే, ఇంట్లో ఎవరూ పిలవని వెంకట స్కూల్లో పిలుపు పేరైపోతుంది.

ఇంకో తమాషా కూడా ఉంది. రిజిస్ట్రేషన్ ఫారంలో, మొదటి వారం టీచర్ ఇచ్చే ‘మీ పిల్లల గురించి చెప్పండి’ కాగితంలో నిక్‌నేమ్ అని ఒక గడి ఉంటుంది. క్లాసులో ఏమని పిలవమంటారు అని వాళ్ల ఉద్దేశం. మనవాళ్లు ఇంట్లో ముద్దుపేరు అడుగుతున్నారనుకుని నిజాయితీగా చిన్ను, బన్నీ, బుజ్జులు అని రాసేస్తారు. ఆ తర్వాత ఏడాదంతా డెస్కు మీద, లాకర్ మీద, పుట్టినరోజుల చార్టు మీద బుజ్జులే. ఈ ఉత్తరం రాసినావిడకి ఆ ఇబ్బంది లేదు, గడి ఖాళీగా వదిలేసింది. ఖాళీగా వదిలితే ఫస్ట్ నేమే గతి.

అందుకని ముందు పాపని అడగమన్నాను. శ్రీ అన్న పిలుపే వద్దా, సిరి అని ఆటపట్టించడం ఒక్కటే వద్దా, స్నేహితులు నిధి అంటే పరవాలేదా? ఇది అడక్కుండా రాసే ఉత్తరాలు బెడిసికొట్టడం చూశాను. ఏడో తరగతి కుర్రాడు తనంతట తాను ఎంచుకున్న పొట్టిపేరుని తల్లి ఉత్తరంతో తీసేయిస్తే, వాడు క్లాసులో తలెత్తుకోలేకపోయాడు. పిల్లలకి ఇష్టమైన పొట్టిపేరైతే మన ఇష్టంతో పని లేదు, ఉత్తరం వద్దు. శ్రీనిధి మాత్రం ఖాయంగా చెప్పింది: టీచర్ మొత్తం పేరు పిలవాలి, నిధి అని ఇంట్లోవాళ్లు, తెలుగు బడి ఫ్రెండ్స్ అంటే చాలు.

చివరికి వెళ్లిన ఉత్తరం, ఇంగ్లీషులో రాసింది, తెలుగులో చెప్పాలంటే ఇలా ఉంది:

“నమస్తే. మీ క్లాసులో పాప సంతోషంగా ఉంది, మీరు చదివే కథల గురించి ఇంటికొచ్చి చెబుతుంది. ఒక చిన్న విన్నపం. మీ లిస్టులో `Sri` అని ఉన్నా, తన పేరు శ్రీనిధి, ఒకటే పేరు. దయచేసి క్లాసులో పూర్తిగా శ్రీనిధి అనే పిలవండి, డెస్కు మీదా అలాగే రాయించండి. పలకడం `shree-NI-dee`. పాప తన పేరు తానే చెప్పిన రికార్డింగ్ జతచేశాను. ‘శ్రీ’ని ‘సిరి’ చేసి తోటి పిల్లలు ఫోన్‌తో మాట్లాడినట్టు ఆటపట్టిస్తున్నారు, అందువల్ల రీసెస్‌కి వెళ్లడం మానేస్తోంది, దాన్ని కాస్త గమనించగలరు. రికార్డులో మార్పుకి ఆఫీసుకి విడిగా రాస్తున్నాను. సంగీతం, పీఈ టీచర్లకి ఈ ఉత్తరం పంపినా నాకు అభ్యంతరం లేదు.”

అంతే. నాయనమ్మ లేదు, సంస్కృతి లేదు. ‘ధి’కి ఒత్తు పలకాలని పట్టుబట్టలేదు చూశారా, కావాలనే. మనలో ఎంతమంది ఒత్తు పలుకుతున్నాం కనుక? శ్రీ, ని, ది, మూడూ వినబడితే అది పాప పేరే. పలికే తీరు రాసేటప్పుడు అక్షరానికి అక్షరం మన ఉచ్చారణ దింపాలని చూస్తే `dhhi` లాంటివి వస్తాయి, అవి చూసి మనిషి ఇంకా బెదిరిపోతుంది. ఇంగ్లీషు చదివే కంటికి అలవాటైన స్పెల్లింగ్ ఇచ్చి, ఎక్కడ ఒత్తి పలకాలో ఆ ముక్కని పెద్దక్షరాల్లో పెడితే చాలు. రికార్డింగ్ అన్నిటికన్నా మేలు. పిల్ల గొంతుతో అయిదు సెకన్లుంటే చాలు, అమ్మ గొంతుతో వద్దు. టీచర్ రేపు అనుకరించాల్సింది పిల్ల ఎలా చెప్పుకుంటుందో అది.

ఆట పట్టించడం గురించి ఒక్క వాక్యమైనా ఎందుకుంచామంటే, అది లేకపోతే ఈ ఉత్తరం తల్లి మురిపెంలా కనబడుతుంది. పిల్లలు పేరు నేర్చుకునేది టీచర్ నోటి నుంచే. ఆవిడ ‘శ్రీ’ అన్నంతకాలం వాళ్లని సిరి అనొద్దని ఎంత చెప్పినా లాభం లేదు. రీటా కోహ్లి, డేనియల్ సోలోర్జానో 2012లో రాసిన ఒక పరిశోధన వ్యాసంలో, టీచర్లు తమ పేర్లని తప్పు పలికిన, మార్చేసిన అనుభవాలని పెద్దవాళ్లయ్యాక కూడా మర్చిపోలేకపోయినవాళ్ల మాటలు పోగుచేశారు. నాకు వాళ్ల వ్యాసం కన్నా లైబ్రరీలో కూర్చున్న రెండో తరగతి పిల్ల చాలు, కానీ ‘ఇంత చిన్న విషయానికా’ అనే నాన్నలకి చూపించడానికి పనికొస్తుంది.

ఇక ఆఫీసు సంగతి. టీచర్ ఒప్పుకున్నా ఆవిడ చేతిలో లేనివి బోలెడు. ఆవిడ సెలవు పెట్టిన రోజు సబ్‌స్టిట్యూట్ టీచర్ చేతికొచ్చేది ప్రింటు తీసిన లిస్టు. బస్సు లిస్టు, భోజనం అకౌంటు, కంప్యూటర్ లాగిన్‌లో కనబడే పేరు, ఇవన్నీ సాధారణంగా స్కూల్ రికార్డు నుంచే వెళ్తాయి. అందుకే రిజిస్ట్రార్‌కి రాసి, ప్రిఫర్డ్ నేమ్ గడిలో `Srinidhi` అని పెట్టమని అడగాలి. చాలా డిస్ట్రిక్టుల సాఫ్ట్‌వేర్‌లో ఆ గడి ఉంటుంది, కొన్నిచోట్ల పేరెంట్ పోర్టల్‌లో మనమే అడగొచ్చు. ఫ్లోరిడాలో ఉన్నవాళ్లు ఒకటి గమనించాలి: 2023 నుంచి అక్కడ లీగల్ పేరు కాక వేరే ఏ పేరుతో పిలవాలన్నా, మామూలు పొట్టిపేరైనా సరే, తల్లిదండ్రుల సంతకంతో ఫారం కావాలి. అక్కడ ఎంత మంచి ఉత్తరం రాసినా టీచర్ ముందు ఆ ఫారమే అడుగుతుంది, ఆవిడ మీద అలిగి లాభం లేదు.

ఈ గడితో అన్నీ మారవు. రాష్ట్ర పరీక్షల కాగితాల మీద, అధికారిక రికార్డుల మీద బర్త్ సర్టిఫికెట్ పేరే వస్తుంది. అక్కడా కలిపి రావాలంటే ఆ సర్టిఫికెట్ దగ్గర నుంచే మార్చుకుంటూ రావాలి, రాష్ట్రాన్ని బట్టి కోర్టు దాకా వెళ్లాల్సి రావచ్చు, తర్వాత పాస్‌పోర్టు, ఓసీఐ. అంత టెన్షన్ క్లాసులో పిలుపు కోసమైతే అక్కర్లేదు. పరీక్ష రోజు మాత్రం కాగితం మీద `Sri` అని ఉంటుంది, కంగారుపడకు అని పాపకి ముందే చెప్పాలి.

టీచర్ ఆ సాయంత్రమే జవాబిచ్చింది, ముందే అడగాల్సింది, సారీ అని. డెస్కు మీద చీటీ మారింది. నోటికి అలవాటైనది మాత్రం ఒక్క రోజులో పోలేదు, మధ్యమధ్యలో శ్రీ అనేసేదట. అలాంటప్పుడు ఇంకో ఈమెయిల్ వద్దు. “శ్రీనిధి అనండి, ప్లీజ్” అని పాపే చెప్పేలా ఇంట్లో నేర్పారు, మామూలు గొంతుతో, తప్పు పట్టినట్టు కాకుండా. రెండు మూడు వారాలైనా మారకపోతే అప్పుడు మనిషిని కలిసి మాట్లాడాలి, అప్పటికీ కాకపోతే కౌన్సెలర్. ప్రిన్సిపాల్ చిట్టచివర. సిరి గోల పూర్తిగా పోయిందని చెప్పను, ఒకడింకా అంటున్నాడట. కానీ ఇప్పుడు వాణ్ని టీచర్ ఆపుతోంది, పాప రీసెస్‌కి వెళ్తోంది.

ఇంత చెప్పాక మన తెలుగు సంఘం మాటా అనాలి. ఉగాది కార్యక్రమానికి పిల్లల పేర్లిచ్చే ఫారంలో పాట నిడివికి గడి ఉంది, టీషర్ట్ సైజుకి గడి ఉంది, ఎవరికి ఏ భోజనమో రాయడానికీ ఉంది. పిల్లని స్టేజి మీదకి ఏమని పిలవాలో రాయడానికి లేదు. యాంకర్లు పాస్‌పోర్టు పేరు చూసి “వెంకట నాగ” దాకా చదివి, మిగతాది మైకు పక్కకి తిప్పి వాళ్లమ్మని అడుగుతున్నారు. వచ్చే ఉగాది ఫారంలో ఆ ఒక్క గడీ పెట్టించమని కల్చరల్ కమిటీకి నా విన్నపం.