పసిడి పెరిగింది, కారణం వండుతున్నాం

పొద్దున్నే పేపర్లో బిజినెస్ పేజీ వాళ్లు మళ్లీ ఒక బాక్స్ ఐటమ్ కట్టారు. డాలర్ పెరిగింది, అమెరికా ప్రభుత్వ బాండ్ల రాబడి కూడా పెరిగింది, అయినా బంగారం ఎందుకు పెరిగిందో మనబోటి అజ్ఞానులకు వివరిస్తారట. ఆ రెండూ పెరిగితే పసిడి పడాలన్నది వాళ్ల పాఠం మరి. కింద షరా మామూలే. యుద్ధ భయాలు, అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడ్, చైనా, పండుగ గిరాకీ, ఇంకా 'సురక్షిత పెట్టుబడి'. ఇవన్నీ చెబుతున్నది నిపుణులు. వాళ్లకు పేర్లుండవు.

నిజానికి డెస్కులో జరిగేది వేరు. సాయంత్రానికల్లా సబ్ ఎడిటర్ 'డాలర్ బలపడటంతో దిగొచ్చిన పసిడి' అని రాసి పెట్టుకుని టీకి వెళతాడు. తిరిగొచ్చేసరికి స్క్రీను మీద బంగారం పైకి లేచి ఉంటుంది. పాపం, పేజీ వెళ్లే టైమయింది. రాసింది కొట్టేస్తే ఖాళీ జాగా మిగులుతుంది. అందుకని 'బలపడటంతో'ని 'బలపడినా' చేసి, 'దిగొచ్చిన'ను 'ఎగబాకిన'గా మార్చి, పశ్చిమాసియాను తెచ్చి మధ్యలో ఇరికిస్తాడు. రాత్రి పదింటికి ధర మళ్లీ పడితే? పశ్చిమాసియాను తీసి 'లాభాల స్వీకరణ' పెడతాడు. అక్కడ యుద్ధం మాత్రం ఎప్పటిలాగే నడుస్తూ ఉంటుంది.

2024 అక్టోబరు చూడండి. ఆ నెలలో, ఆరు కరెన్సీలతో పోల్చి డాలర్ బలాన్ని కొలిచే డాలర్ సూచీ 101 దగ్గర నుంచి 104కు చేరింది. పదేళ్ల అమెరికా బాండు రాబడి 3.8 శాతం నుంచి 4.3 దాకా వచ్చింది. పాఠం ప్రకారం, వడ్డీ ఇవ్వని బంగారాన్ని జనం వదిలించుకోవాలి. అది ఔన్సు 2,780 డాలర్లు దాటి రికార్డు కొట్టింది. అప్పుడు ఆ రెండింటినీ 'అయినా' కింద తోసేశారు. వారం తిరగకుండానే, నవంబరు 6న, ట్రంప్ గెలిచాడని తెలిసిన రోజు, బంగారం దాదాపు 3 శాతం పడింది. ఎందుకయ్యా అంటే, డాలర్, బాండ్ల రాబడి పెరిగాయట! నిన్నటిదాకా నిర్దోషులుగా తిరిగిన ఇద్దరినీ మళ్లీ పట్టుకొచ్చి బోనెక్కించారు.

రాబడి ఎందుకు పెరిగిందో అడగకుండా ఈ కథ తేలదు. ఆర్థిక వ్యవస్థ బాగుంది, ఫెడ్ వడ్డీలు తగ్గించదు అనే నమ్మకంతో పెరిగితే బంగారానికి దెబ్బే. అమెరికా అప్పులు, ధరలు ఎక్కడికి పోతాయో అన్న బెంగతో, అప్పిచ్చేవాడు ఎక్కువ వడ్డీ అడగడం వల్ల పెరిగితే, అదే బెంగ బంగారాన్నీ కొనిపిస్తుంది. ఆ అక్టోబరులో రెండోదాని పాలు గట్టిగానే ఉంది. పైగా 2022లో అమెరికా, యూరప్ దేశాలు రష్యా విదేశీ నిల్వలను స్తంభింపజేశాక, కేంద్ర బ్యాంకులు మూడేళ్లపాటు ఏటా వెయ్యి టన్నులకు పైగా బంగారం కొన్నాయి. వాళ్లు కొనేది వడ్డీ లెక్క చూసుకుని కాదు. బంగారం యూరోల్లో, యెన్‌లలో కూడా పెరిగిందో లేదో చూస్తే, కదిలింది డాలరా బంగారమా అన్నది తెలుస్తుంది. ఇది చూడటానికి రెండు నిమిషాలు చాలు. అలాగని ఒక్క రోజు పెరుగుదలకు కచ్చితమైన కారణం ఎవడూ చెప్పలేడు. ఆ మాట రాస్తే బాక్సు నిండదు మరి.

అసలు చోద్యం ఇంకొకటుంది. ఆ డాలర్ సూచీలో యూరో, యెన్, పౌండు, కెనడా డాలరు, స్వీడన్ క్రోనా, స్విస్ ఫ్రాంకు ఉన్నాయి. మన రూపాయి లేదు! హైదరాబాదులో కొనేవాడికి డాలర్ పెరగడం 'అయినా' కాదు, అదే కారణం. ఔన్సు 2,750 డాలర్లు, డాలరు 84 రూపాయలు అనుకోండి. ఔన్సుకి 31.1 గ్రాములు కాబట్టి, పది గ్రాములు సుమారు 74,300. అప్పటి 6 శాతం సుంకం, ఆపైన 3 శాతం జీఎస్టీ కలిపితే 81,000 దాటుతుంది. డాలరు 85 అయితే చాలు, ప్రపంచంలో బంగారం ఒక్క సెంటు కదలకపోయినా, మన పది గ్రాములకు దాదాపు 965 రూపాయలు పెరుగుతాయి. తెలుగు పాఠకుడికి రాయాల్సింది ఇదా, న్యూయార్క్ వాడికి రాసిన ముక్కకు తెలుగా?

సరే, అదీ పోనివ్వండి. పెళ్లి పెట్టుకున్న ఇంటి గురించి మాట్లాడదాం. పది గ్రాముల గొలుసుకి 15 శాతం తరుగు అంటారు. అప్పటి 22 క్యారెట్ల ధర గ్రాము 7,200 చొప్పున 10,800 రూపాయలు, దాని మీద మళ్లీ జీఎస్టీ. ఫెడ్ చైర్మన్ ఎంత గొంతు చించుకున్నా ఒక్క రోజులో ఇంత దెబ్బ కొట్టడం కష్టం. నిజంగా ఒకటిన్నర గ్రాము అరిగి గాల్లో కలిసిందా? మెషీన్ మీద చేసిన గొలుసుకి అంత తరుగేమిటి? కూలి డబ్బు కూడబెట్టి కూతురికి గొలుసు కొంటున్న మనిషికి ఈ లెక్క ఎవడు చెప్పాలి? ఏ పేపరూ చెప్పదు. ఎందుకు చెబుతుంది? మొదటి పేజీ మొత్తం కప్పేసి 'తరుగుపై 50 శాతం తగ్గింపు' అని నగల షాపు యాడ్ ఉంది కదా! సగం తగ్గించినా గిట్టుబాటయ్యే తరుగు, మొదట ఎంత పెంచి వేశారని అడిగితే రేపు ఆ యాడ్ రాదు. అందుకే నెపమంతా డాలర్ మీద తోస్తారు. డాలర్ ఫోన్ చేసి తిట్టదు, యాడ్ ఆపేయదు. తరుగు రేటు మాత్రం న్యూయార్క్‌లోనూ లండన్‌లోనూ వెయ్యరు. కౌంటరు వెనక కూర్చున్నాయన, మీ మొహం చూసి వేస్తాడు.