ఓబులమ్మ కథ ఎక్కడ మొదలవుతుంది?

అనంతపురం, కడప, కర్నూలు ప్రాంతాల కొత్త కథలు వరుసగా చదివితే ఒక పోలిక కనిపిస్తుంది. కథ మండే ఎండతోనో మబ్బు లేని ఆకాశంతోనో మొదలవుతుంది. లేదంటే కథలోని మనిషి నిద్ర లేస్తాడు. చాలాసార్లు రెండూ కలిసే వస్తాయి: పొద్దు పొడుస్తుంది, ఆమె లేస్తుంది, వాకిట్లో నిలబడి పైకి చూస్తుంది.

దీన్ని బద్ధకమని కొట్టిపారేయలేను. ఈ ప్రాంతంలో వాన మాట పొద్దుపోక చెప్పుకునే కబురు కాదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లో వాన పడే అనంతపురంలో ఆ కాస్త వానా ఏ వారంలో పడిందన్న దాని మీదే వేరుశనగ రైతు అప్పు తీరడమో పెరగడమో తేలుతుంది. కాబట్టి వాతావరణంతో కథ ఎత్తుకోవద్దన్న సలహాను ఇక్కడి రచయితకు ఉన్నదున్నట్టు అప్పజెప్పడం అన్యాయం. అయినా ఇలాంటి ఎత్తుగడల్లో చాలావాటిని మార్చాల్సిందే. ఎందుకో చూడటానికి ఈ బాణీలో నేను రాసిన ఒక నమూనా:

"తూర్పున ఎర్రగా పొద్దు పొడుస్తోంది. ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు. కోడి కూతకు ఓబులమ్మ కళ్లు తెరిచింది. లేచి ముఖం కడుక్కుని వాకిట్లోకి వచ్చింది. ఈ ఏడాదైనా వానలు పడతాయో లేదో అనుకుంటూ నిట్టూర్చింది."

వాక్యాల్లో తప్పేమీ లేదు. కానీ ఓబులమ్మ పేరు తీసి మరో పేరు పెట్టి, ఇదే పేరాను పెళ్లి కథకో ఆస్తి తగాదా కథకో అతికించండి. ఎక్కడా అతుకు కనబడదు. ఏ కథకైనా సరిపోయే పేరా ఈ కథకు చేసే పని ఏమీ ఉండదు. ఐదు వాక్యాలు గడిచినా ఓబులమ్మ ఏదీ తేల్చుకోలేదు, ఏదీ పోగొట్టుకోలేదు. ఆమె నిట్టూర్పుకు కారణం పాఠకుడికి తెలియదు కనుక ఆ నిట్టూర్పు అతన్ని తాకదు. నిజానికి ఇక్కడ నిద్ర లేస్తున్నది రచయితే. కథలోకి దిగేముందు తనకు కావలసిన వెలుతురును, వాకిలిని సమకూర్చుకుంటున్నాడు. మొదటి ప్రతిలో అది అవసరమే కావచ్చు. అచ్చుకు పంపే ప్రతిలో అది మిగిలిపోవడమే చిక్కు.

మరి అసలు కథ ఎక్కడుంది? ఇలాంటి కథల్లో అది సాధారణంగా రెండో పేజీ చివర దొరుకుతుంది. మన ఓబులమ్మ విషయంలో అది ఇదీ: ఇంట్లో కాయలు ఒలిచి ఉంచిన వేరుశనగ గింజలున్నాయి. వాటిని అమ్మి చెల్లెలి కాలేజీ ఫీజు కట్టమని చెప్పి కొడుకు బెంగళూరు వెళ్లాడు. ఆ రాత్రి ఒక వాన పడింది. తెల్లవారి ఆమె ఎవరికీ చెప్పకుండా గింజలకు మందు పట్టించింది.

వేరుశనగ సాగు తెలిసినవారికి ఈ చివరి వాక్యం బరువు వెంటనే అర్థమవుతుంది. మొలక దశలో తెగుళ్లు రాకుండా విత్తే ముందు కిలో గింజలకు 3 గ్రాముల మాంకోజెబ్ వంటి మందు పట్టించి నీడన ఆరబెడతారు. మందు తగిలిన గింజ తిండికీ నూనెకూ పనికిరాదు. దాన్ని ఇక భూమిలో వేయాలి, లేదా పారేయాలి. ఎర్ర గరప నేలలో పదును ఎక్కువ రోజులు నిలవదు కాబట్టి ఆలోచించుకోవడానికి వ్యవధి కూడా లేదు. వెనక్కి తీసుకోలేని పని జరిగిపోయింది. కథ మొదలవ్వాల్సింది అక్కడ:

"ఓబులమ్మ గింజలకు మందు పట్టించేసింది. గోనెపట్టా మీద పసుప్పచ్చ పొడి అంటుకుని ఆరుతున్న ఆ గింజల్ని ఇక మిల్లుకు తోలడానికి లేదు, పిల్లకు వేయించి పెట్టడానికీ లేదు. అమ్మేసి చెల్లెలి ఫీజు కట్టమని కొడుకు చెప్పి వెళ్లింది నిన్ననే. ఆమె చేతులు కడుక్కుని వాకిట్లోకి వచ్చి ఆకాశం వైపు చూసింది. మబ్బు తునక కూడా లేదు."

ఆకాశం పోలేదని గమనించండి. మొదటి నుంచి చివరికి జరిగిందంతే. మొదటి ప్రతిలో అది వర్ణన. ఇక్కడ ఓబులమ్మ పందెం కాసింది ఆ ఆకాశం మీదే. అందుకే "మబ్బు తునక కూడా లేదు" అన్న పాత మాటలే ఇప్పుడు భయపెడతాయి. మరో చిన్న పని కూడా జరిగింది. మందు పట్టించడమంటే ఏమిటో తెలియని నగర పాఠకుడికి మిల్లు, వేయించడం అన్న రెండు మాటలతోనే విషయం అందింది. తెలిసిన రైతుకు అది పాఠం చెప్పినట్టూ అనిపించదు. స్థానిక విషయంతో ఎత్తుకునేటప్పుడు ఈ జాగ్రత్త తప్పనిసరి. లేకపోతే పక్క జిల్లా పాఠకుడు మొదటి వాక్యం దగ్గరే ఆగిపోతాడు.

వాతావరణం వదిలేయమనగానే కొందరు ఇంకో పొరపాటు చేస్తారు. "ఆ రోజు ఓబులమ్మ చేసిన పని ఆ కుటుంబాన్ని తలకిందులు చేస్తుందని ఎవరూ ఊహించలేదు" అని మొదలుపెడతారు. పట్టు ఉన్నట్టే ఉంటుంది కానీ ఇదీ ఏ కథకైనా అతుకుతుంది. రచయితకు తెలిసిన విషయాన్ని దాచిపెట్టి పాఠకుడిని ఊరిస్తోంది, అంతే. దాచిన విషయం బయటపడ్డాక ఆసక్తి కూడా దానితోనే పోతుంది. పాఠకుడిని నిలబెట్టేది ఆమె ఏం చేసిందో తెలియకపోవడం కాదు. ఏం చేసిందో పూర్తిగా తెలిసి, ఇప్పుడు కొడుక్కి ఏం చెబుతుందో తెలియకపోవడం. చివర్లోని చావునో పోలీసులనో తెచ్చి మొదటి వాక్యంలో పెట్టే అలవాటు మీద కూడా నాకు ఇదే అభ్యంతరం. ఆ వెంటనే "ఆరు నెలల క్రితం" అని వెనక్కి వెళ్లాల్సి వస్తుంది, అక్కడ మళ్లీ పొద్దు పొడుస్తుంది.

నిద్ర లేవడంతో మొదలుపెట్టకూడని నియమమేమీ లేదు. 2009 అక్టోబరు మొదట్లో తుంగభద్ర వరద కర్నూలు నగరాన్ని ముంచెత్తినప్పుడు జనం మిద్దెలెక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. ఆ రాత్రి మీద కథ రాసేవారు మంచం కోళ్లకు నీళ్లు తగిలి ఒక మనిషి మేల్కోవడంతో మొదలుపెడితే ఎవరూ కాదనలేరు. లేవడమే అక్కడ సంఘటన. అయితే "కుండపోతగా వాన కురుస్తోంది" అని మొదలుపెడితే మాత్రం కథ తన ప్రత్యేకతను పోగొట్టుకుంటుంది. వాన ఎక్కడైనా కురుస్తుంది. ఎగువ నుంచి వచ్చిన నది వీధుల్లోకి రావడం ఆ నగరానికి జరిగిన సంగతి.

అన్ని కథలూ తిరుగులేని పనితోనే మొదలవ్వాలని కూడా అనను. చెప్పే గొంతే బలంగా ఉన్న కథకు ఆ గొంతు చాలు. ఓబులమ్మ కథ అలాంటిది కాదు, అది నిర్ణయం మీద నిలబడ్డ కథ. అందుకే కొత్త ఎత్తుగడ దానిపై ఒక బాధ్యత కూడా మోపుతుంది. ఫీజు మాట మొదటి పేరాలోనే వచ్చేసింది కాబట్టి తర్వాతి రెండు పేజీలు ఊరి వర్ణనకు, ఆమె పెళ్లినాటి జ్ఞాపకాలకు ఇవ్వడం కుదరదు. గింజలు ఆరకముందే కొడుకు ఫోను చేయాలి, అమ్మకం ఎంతకు కుదిరిందని అడగాలి.