సవరణ: కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రల వ్యాసంలో 36 శాతం

ముందు రాసింది: “స్టాటిన్ వాడితే నూటికి 36 మందికి గుండెపోటు తప్పుతుంది.”

ఇది తప్పు. ఆ 36 శాతం 2003లో వెలువడిన ఆస్కాట్ అధ్యయనంలోది. అందులో బీపీతో పాటు మరికొన్ని ముప్పు కారణాలు ఉన్నవాళ్లను తీసుకున్నారు. సుమారు 3.3 ఏళ్లలో ఉత్తుత్తి మాత్ర వాడిన 5137 మందిలో 154 మందికి గుండెపోటు రావడమో, గుండెజబ్బుతో చనిపోవడమో జరిగింది. రోజూ 10 మి.గ్రా. అటోర్వాస్టాటిన్ అనే స్టాటిన్ వాడిన 5168 మందిలో అది 100 మందికి. అంటే 3.0 శాతం 1.9కి దిగింది. 36 అనేది ఆ మూడులో తగ్గిన వంతు, నూటిలో కాదు. నూటికి తప్పింది ఇంచుమించు ఒక్కరికి.

కచ్చితంగా లెక్కిస్తే తేడా 1.06 శాతం. 100ని దాంతో భాగిస్తే 94. అంతమంది 3.3 ఏళ్లు వాడితే ఒకరికి ముప్పు తప్పుతుంది. ఇద్దరికి మాత్ర వేసుకున్నా వస్తుంది, మిగతా 91 మందికి వేసుకోకపోయినా వచ్చేది కాదు. మీరు ఎవరిలో ఉన్నారో ముందుగా చెప్పగల పరీక్ష లేదు. కాలవ్యవధి చెప్పకుండా 94 అంటే అర్థం లేదు.

అలాగని మాత్ర దండగ అనుకోవద్దు. ఇప్పటికే గుండెపోటు వచ్చిన వ్యక్తికి అదే వ్యవధిలో ముప్పు 20 శాతం అనుకుందాం. అదే వంతున తగ్గితే 12.8 అవుతుంది. తేడా 7.2, అంటే 14 మందిలో ఒకరికి మేలు. కాబట్టి డాక్టరును అడగాల్సింది “నా ముప్పు ఇప్పుడు ఎంత?” అని. అడగకుండా మాత్ర మానేయకండి.