కరెంటు తిరిగొచ్చిన రాత్రి: ఒక విపత్తు నివేదిక

తుపాను వచ్చే ముందు ఏం చేయాలో చెప్పే కరపత్రాలు మనకు బోలెడున్నాయి. పశువుల తాళ్లు విప్పండి, అగ్గిపెట్టె ప్లాస్టిక్ సంచిలో పెట్టుకోండి, రేడియో దగ్గర ఉంచుకోండి. కానీ పోయిన కరెంటు తిరిగొచ్చే ఘడియకు ముందస్తు హెచ్చరిక జారీ చేసే శాఖ మాత్రం లేదు. ఇది చిన్న లోపం కాదు. తుపానుకి తట్టుకున్న ఒక టీవీ, కరెంటు రాకకి తట్టుకోలేక ప్రాణం విడిచిన ఉదంతాన్ని ఇక్కడ నమోదు చేస్తున్నాను. ప్రభుత్వం పరిశీలించగలదు.

స్థలం ఉద్దానం, శ్రీకాకుళం జిల్లా. 2018 అక్టోబరు 11, గురువారం తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి, జీడి, పనస చెట్లు ఏవి ఎవరివో తెలియకుండా ఒకదానిమీద ఒకటి పడ్డాయి. వాటి కింద కరెంటు స్తంభాలు పడ్డాయి. మళ్లీ కరెంటు రావాలంటే ముందు సబ్‌స్టేషన్‌కి వచ్చే 33 కేవీ లైను లేవాలి, తర్వాత అక్కడి నుంచి బయల్దేరే 11 కేవీ లైను, తర్వాత వీధి ట్రాన్స్‌ఫార్మర్, ఆఖర్న ఇంటి తీగ. అంటే రైలు చివరి పెట్టెలో మా పెదనాన్న గారిల్లు. వారం పట్టింది. గురువారం పోయిన కరెంటు, మళ్లీ గురువారం రాత్రి, సరిగ్గా దసరా నాడు వచ్చింది. అన్నట్టు ఆ ఉదయమే మా పెదనాన్న పనిముట్ల పూజలో భాగంగా నీళ్ల మోటారుకీ, దాని స్టార్టరుకీ కుంకుమబొట్లు పెట్టి కొబ్బరికాయ కొట్టారు. తోటలో ఆరు తరాలకు సరిపడా కొబ్బరికాయలు రాలి ఉన్నాయి కాబట్టి ఖర్చు సమస్య లేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. కరెంటు లేని ఇంట్లో స్విచ్చుకి పైకీ కిందకీ తేడా ఉండదు. గుమ్మం దాటిన ప్రతివాళ్లూ, "వచ్చిందేమో" అని ఒకసారి నొక్కి చూస్తారు. రాలేదని నిట్టూర్చి వెళ్లిపోతారే గాని, నొక్కినదాన్ని వెనక్కి నొక్కరు. తర్వాత వచ్చినవాళ్లు రెండోది నొక్కుతారు. మా నాయనమ్మ గోడ పట్టుకుని నడుస్తుంది కనుక దారిలో చేతికి తగిలినవన్నీ ఆవిడ ఖాతాలో పడతాయి. ఇలా వారం గడిచేసరికి ఆ ఇంట్లో ఫ్యాన్లు, మిక్సీ, ఇస్త్రీపెట్టె, ఫ్రిజ్, టీవీ, గ్రైండరు, పశువుల పాక లైటు, మోటారు అన్నీ ఏకగ్రీవంగా ఆన్‌లో ఉన్నాయి. ఏ ఒక్కరి నిర్ణయమూ కాదు. ప్రజాస్వామ్యం ఎలా పనిచేస్తుందో అధ్యయనం చేసేవారికి ఈ స్విచ్‌బోర్డు ఉపయోగపడుతుంది.

ఊళ్లో ప్రతి ఇల్లూ ఇదే స్థితిలో ఉంది.

రాత్రి ఎనిమిది దాటాక వెలుగొచ్చింది. వీధి వీధంతా "వొచ్చీసిందిరో!" అని అరిచింది. మా ఇంట్లో మిక్సీ ఖాళీ గిన్నెతో గర్జించింది. గ్రైండరు తిరిగింది. మా వదిన రెండు చేతులూ జోడించింది. దేవుడికో ఫ్రిజ్‌కో చెప్పలేను, ఆవిడ ఫ్రిజ్ వైపే తిరిగి ఉంది. మా అన్నయ్య నాలుగు సెల్‌ఫోన్లు ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి గుచ్చాడు. సెల్ టవర్ పనిచేయడంలేదన్న సంగతి అతనికి అడ్డురాలేదు. టీవీ కూడా వెలిగింది. డిష్ గొడుగు గాలికెగిరి ఎవరి జీడితోటలో పడిందో ఇంకా తేలలేదు కాబట్టి తెరమీద సిగ్నల్ లేదన్న ఒక్క ముక్కే కనిపించింది. అయినా ఇంటిల్లిపాదీ కూర్చుని చూశాం. మా నాయనమ్మ ఒక్కతే, "ఆ లైటు ఆర్పండర్రా, కళ్లు మండిపోతున్నాయి" అంది. ఆవిడ మాట నాలుగు నిమిషాల్లో నెరవేరింది.

చీకటి.

దీనికి మా పెదనాన్న వెంటనే పైనుండే కుట్రను కనిపెట్టారు. "మనకి సూపించీసి పక్కూరికి ఇచ్చీసినారు" అన్నారు. నిజానికి కుట్ర మా వీధిలోనే జరిగింది. అక్కడున్నది 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్. దాన్నుంచి ఫేజులనే మూడు కరెంటు తీగలు బయల్దేరతాయి. ఒక్కో ఫేజు మీద 33 ఆంపియర్ల దాకా మోయగలదు. మామూలు రోజుల్లో అది సరిపోవడానికి కారణం, అందరూ అన్నీ ఒకేసారి వాడకపోవడం. పది ఇళ్లలో ఫ్రిజ్‌లున్నా ఏ క్షణాన చూసినా మూడో నాలుగో తిరుగుతుంటాయి, మిగతావి చల్లబడి ఊరుకుంటాయి. ఒకరి మోటారు పొద్దున, ఒకరిది మధ్యాహ్నం. వారం తర్వాత మాత్రం ప్రతి ఫ్రిజ్ లోపలా వేడే, ప్రతి ట్యాంకూ ఖాళీయే. అన్నీ ఒకే క్షణంలో లేస్తాయి. ఒక హార్స్‌పవర్ మోటారు తిరిగేటప్పుడు సుమారు ఆరు ఆంపియర్లు లాగుతుంది. మొదలయ్యే ఆ ఒకటి రెండు సెకన్లలో దానికి ఐదారు రెట్లు లాగుతుంది. మా ఫేజు మీద అలాంటివి ఏడు. ఫ్రిజ్‌లు, ఇస్త్రీపెట్టెలు, మా ఖాళీ మిక్సీ వేరే లెక్క. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరున్న ఫ్యూజు తీగ ఈ భారం చూసి నాలుగు నిమిషాలు ఓపిక పట్టింది. అంతవరకు దాన్ని మెచ్చుకోవాలి.

లైన్‌మన్ పక్క జిల్లా నుంచి సహాయానికి వచ్చినవాడు. వారంగా బడి వరండాలో పడుకుంటున్నాడు. అతను మళ్లీ ఫ్యూజు కట్టి, టార్చిలైటు వీధిమీదకి తిప్పి కేకేశాడు. "మోటార్లూ ఫ్రిజ్‌లూ ఆపండి బాబూ! ఒక్క లైటు ఉంచుకోండి చాలు. పది నిమిషాలాగి ఒక్కొక్కటీ వేసుకోండి, మోటార్లు వంతులవారీగా!"

విద్యుత్ శాస్త్రం మొత్తంలో ఇంతకంటే పనికొచ్చే వాక్యం నాకు తెలియదు. మా వరుస ఇళ్లవాళ్లు దాన్ని పాటించారు. క్రమశిక్షణ వల్ల అనుకునేరు, టార్చిలైటు మా గుమ్మాల మీద పడుతోంది. ఎదురు వరుసవాళ్లది వేరే ఫేజు, పైగా చీకట్లో ఉన్నారు. మా వరుసవాళ్లు ఎలాగూ ఆపుతారన్న నమ్మకంతో వాళ్లు ఏదీ ఆపలేదు.

రెండోసారి కరెంటు వచ్చింది. ఈసారి అది వచ్చిన తీరు మా పెదనాన్న జీవితంలో చూడలేదట. పాకలోని పాత గాజు బల్బు పెట్రోమాక్స్‌ని మించి తెల్లగా వెలిగింది. ఫ్యాన్ ఒకటో నంబరు మీదే హోరెత్తి, గోడమీది క్యాలెండరుని లేపేసింది. అదే సమయంలో ఎదురింటివాళ్ల బల్బులో తీగ నిప్పుకణికలా ఎర్రగా కనబడుతోంది, అంతే. మా పెదనాన్న అరుగుమీదకి వచ్చి పంచె సర్దుకున్నారు. "సూసినావా? మనకి ఎక్కువొచ్చింది" అన్నారు. మా కుటుంబ గౌరవం ఆ ఫ్యాన్‌తోపాటు తిరుగుతూ ఉండింది. ఎదురింటి మామ వీధిలోకొచ్చి, తమ వాటా కూడా మేమే లాగేస్తున్నామని వాదనకి దిగాడు. మా పెదనాన్న ఆ ఆరోపణని ఖండించలేదు.

ఈ ఘట్టంలో ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. పక్కపక్క ఇళ్లలో ఒకచోట లైటు మండిపోతూ, ఇంకోచోట కునుకుతూ ఉంటే, అది ఎవరి పలుకుబడీ కాదు. కరెంటు తిరిగెళ్లే న్యూట్రల్ తీగ తెగిందనో, వదులైందనో అర్థం. ప్రతి ఇంటికీ ఒక ఫేజు, ఒక న్యూట్రల్ వస్తాయి, వాటి మధ్య 230 వోల్టులు. రెండు వేర్వేరు ఫేజుల మధ్య మాత్రం 400 దాకా ఉంటుంది. తుపాను గాలికి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్ బిగింపు వదులై, భారం పడగానే ఊడింది. అప్పుడు మా ఇల్లూ ఎదురిల్లూ ఆ 400 వోల్టులని పంచుకోవాల్సి వచ్చింది. ఈ పంపకంలో రూలు విచిత్రంగా ఉంటుంది. ఎక్కువ వాడేవాడికి తక్కువ వోల్టేజీ, తక్కువ వాడేవాడికి ఎక్కువ. అంటే లైన్‌మన్ మాట విని మోటార్లూ ఫ్రిజ్‌లూ ఆపిన మా వరుసకి మూడొందలు దాటింది, మాట విననివాళ్లు తక్కువ వోల్టేజీలో క్షేమంగా ఉన్నారు. (మరీ క్షేమం కాదు, ఆ తక్కువలో తిరగలేక వాళ్ల మోటార్లు మూలుగుతున్నాయి. అలా వదిలేస్తే వైండింగ్ కాలుతుంది.) ఇంకో సంగతి, ఈ తేడా పాత గాజు బల్బు చెబుతుంది, ఫ్యాన్ చెబుతుంది. ఎల్ఈడీ బల్బు చాలాసార్లు చెప్పదు, అదే వెలుగిస్తూ ఇస్తూ ఒక్కసారిగా పోతుంది.

అలాంటప్పుడు చేయాల్సిన పని ఒక్కటే, మెయిన్ స్విచ్ దించేయడం. మా ఇంట్లో ఆ పని ఎవరూ చేయలేదు. వచ్చిన మహాలక్ష్మిని దసరా నాడు గెంటేస్తారా ఎవరైనా?

టీవీ లోపల టప్పుమని శబ్దమైంది. వెనకనుంచి సన్నగా పొగ, కాలిన వాసన. సిగ్నల్ లేదని చెప్పే తెర కూడా లేకుండా పోయింది. ఫ్రిజ్ బతికింది. దానికి ఏకైక కారణం, అప్పటికే మా వదిన దాని ప్లగ్గు పీకి, తలుపు తీసి, వారంనాటి చేపల పులుసుతో ముఖాముఖి నిలబడి ఉంది. ఆవిడ వేసిన కేకకే అందరూ టీవీ దగ్గర్నుంచి లేచారని ఒక వాదన ఉంది.

లైన్‌మన్ మళ్లీ లైను ఆపి, న్యూట్రల్ బిగించి, మూడోసారి కరెంటు ఇచ్చాడు. 230 వోల్టులు, పుస్తకంలో రాసినట్టు. పాకలో బల్బు ఎప్పట్లా పచ్చగా వెలిగింది. ఫ్యాన్ ఒకటో నంబరు మీద ఒకటో నంబరులాగే తిరిగింది. ఎదురింటివాళ్ల వెలుగూ మా వెలుగూ సమానమయ్యాయి. మా పెదనాన్న ముఖంలో ఆ సమానత్వం పట్ల హర్షం కనిపించలేదు. ఆయన గ్లాసుడు టీ పట్టుకుని ట్రాన్స్‌ఫార్మర్ దాకా వెళ్లారు.

"బాబూ, ఇది తక్కువగా ఉంది. ఆ రెండోసారి ఇచ్చినావే, అది బావుండె. అది ఇయ్యి."

"దాని బిల్లు టీవీ మెకానిక్ వేస్తాడండి" అన్నాడు లైన్‌మన్, టీ అందుకుంటూ.

పెదనాన్న కాసేపు ఆలోచించారు.

"పోనీ, ఫ్యాను ఒక్కదానికైనా ఇయ్యి."